మూలధన తగ్గింపు ద్వారా కంపెనీ అంతర్గత పునర్నిర్మాణం

నష్టాల్లో కూరుకుపోయిన కంపెనీ తనను తాను రద్దు చేసుకోకుండా, కొత్త కంపెనీని పెట్టకుండా, ఉన్న చట్టబద్ధ రూపంలోనే తన మూలధన నిర్మాణాన్ని సరిదిద్దుకోవడాన్ని అంతర్గత పునర్నిర్మాణం అంటారు. దీనికి ముఖ్య సాధనం వాటా మూలధనాన్ని తగ్గించడం. వాటాదారులు పెట్టిన సొమ్ములో ఎంత భాగం పోయిందో దాన్ని వారి మూలధనం నుంచే కొట్టివేసి, ఆ మేరకు బ్యాలెన్స్ షీట్‌లోని సంచిత నష్టాలను, కల్పిత ఆస్తులను, విలువ పడిపోయిన ఆస్తులపై అధికంగా చూపిన మొత్తాన్ని తుడిచివేస్తారు. ఈ ప్రక్రియలో నగదు లోపలికి రాదు, బయటికీ పోదు. మారేది పుస్తకాల్లోని అంకెలు, వాటితో పాటు వాటాదారుల మధ్య హక్కుల పంపకం.

బాహ్య పునర్నిర్మాణంతో తేడా

బాహ్య పునర్నిర్మాణంలో పాత కంపెనీని మూసివేసి, దాని వ్యాపారాన్ని అదే పని కోసం పెట్టిన కొత్త కంపెనీకి అప్పగిస్తారు. అంతర్గత పద్ధతిలో కంపెనీ అదే, దాని ఒప్పందాలు, లైసెన్సులు, కోర్టు వ్యాజ్యాలు అవే. భారతదేశంలో చాలా కంపెనీలు రెండో దారినే ఎంచుకోవడానికి ఆదాయపు పన్ను ఒక బలమైన కారణం. వ్యాపార నష్టాన్ని ఎనిమిదేళ్ల వరకు ముందుకు తీసుకువెళ్లే హక్కు మామూలుగా ఆ నష్టం పొందిన కంపెనీకే ఉంటుంది. కంపెనీ మారితే ఆ హక్కు పోయే ప్రమాదం ఉంది. పుస్తకాల్లో నష్టాన్ని కొట్టివేసినంత మాత్రాన పన్ను లెక్కలోని నష్టం పోదు, ఎందుకంటే ఆ లెక్క వేరు.

చారిత్రక నేపథ్యం

పరిమిత బాధ్యత గల కంపెనీలో వాటాదారుల మూలధనమే ఋణదాతలకు చివరి భరోసా. అందువల్ల దాన్ని తగ్గించడానికి మొదట్లో చట్టం దారి ఇవ్వలేదు. బ్రిటన్‌లో 1867 కంపెనీల చట్టం కోర్టు అనుమతితో తగ్గింపుకు తొలిసారి వీలు కల్పించింది. అయితే అది ఇంకా పిలవని మూలధనానికే వర్తిస్తుందా, చెల్లించేసి వ్యాపారంలో పోగొట్టుకున్న మూలధనానికి కూడా వర్తిస్తుందా అన్న సందేహం వచ్చింది. పోయిన మూలధనాన్ని రద్దు చేయడం కూడా తగ్గింపే అని 1877 చట్టం స్పష్టం చేసింది. నేటి అంతర్గత పునర్నిర్మాణానికి మూలం ఈ వాక్యమే. ఆ రోజుల్లో తగ్గింపు జరిపిన కంపెనీ తన పేరు చివర ‘అండ్ రెడ్యూస్డ్’ అని రాసుకోవాల్సి వచ్చేది. అప్పు ఇచ్చేవాడికి అది బోర్డు మీదే హెచ్చరిక.

భారత కంపెనీల చట్టాలు ఇదే బాటలో నడిచాయి. 1956 చట్టంలో 100 నుంచి 105 వరకు సెక్షన్ల కింద హైకోర్టు తగ్గింపును ధ్రువీకరించేది. పేరు చివర ఆ మాటలు చేర్చమని ఆదేశించే అధికారం కూడా కోర్టుకు ఉండేది. 2013 చట్టంలో ఆ స్థానాన్ని 66వ సెక్షన్ తీసుకుంది. అది 2016 డిసెంబర్ 15 నుంచి అమల్లోకి వచ్చింది, అధికారం జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్‌కు మారింది. ‘అండ్ రెడ్యూస్డ్’ కొత్త చట్టంలో కనిపించదు.

జాతీయం చేసిన బ్యాంకులకు ఈ చట్టం కాక వాటి ప్రత్యేక చట్టాలు వర్తిస్తాయి, పని మాత్రం అదే. ఇండియన్ బ్యాంకు 2007లో తొలిసారి ప్రజలకు వాటాలు అమ్మడానికి ముందు సుమారు 3,800 కోట్ల రూపాయల సంచిత నష్టాన్ని ప్రభుత్వ మూలధనంలో సర్దుబాటు చేసుకుంది. ఆ నష్టం పుస్తకాల్లో ఉండగా డివిడెండ్ ఆశతో వాటా కొనేవారిని ఆకర్షించడం కష్టం.

కొట్టివేయవలసినవి

*సంచిత నష్టాలు.* లాభనష్టాల ఖాతాలో ఏళ్ల తరబడి పేరుకున్న డెబిట్ నిల్వ ఇది. పాత ఆరవ షెడ్యూల్ నమూనాలో దీన్ని ఆస్తుల వైపు చివరి వరుసలో చూపేవారు. 2011-12 నుంచి వచ్చిన నమూనాలో, దాని తరువాతి మూడవ షెడ్యూల్‌లో ఇది రిజర్వులు, మిగులు శీర్షిక కింద ఋణాత్మక అంకెగా కనిపిస్తుంది. ఆస్తుల వైపు వెతికి నష్టం లేదనుకునే పాఠకుడు పొరబడతాడు.

*కల్పిత ఆస్తులు.* ఆస్తిగా చూపినా అమ్మితే రూపాయి రాని, నిజానికి ఖర్చయిపోయిన మొత్తాలు ఇవి. కంపెనీ స్థాపనకైన ప్రాథమిక ఖర్చులు, అండర్‌రైటింగ్ కమీషన్, డిబెంచర్లపై ఇచ్చిన డిస్కౌంట్, కొన్నేళ్లకు పంచిపెట్టిన భారీ ప్రకటనల ఖర్చు ఈ కోవలోవి. గుడ్‌విల్ వేరు జాతి. అది కంటికి కనిపించని ఆస్తే కానీ కల్పితం కాదు. లాభాలు లేని కంపెనీలో దాని విలువ ఎలాగూ సున్నా కాబట్టి రెంటినీ కలిపే కొట్టివేస్తారు.

ఇక్కడ పాఠ్యపుస్తకానికి, నేటి ఆచరణకు దూరం పెరిగింది. కనిపించని ఆస్తుల మీద వచ్చిన 26వ అకౌంటింగ్ ప్రమాణం తర్వాత ప్రాథమిక ఖర్చులను, ప్రకటనల ఖర్చును ఆస్తిగా మోయడానికి వీల్లేదు. అవి జరిగిన ఏడాదే ఖర్చులోకి పోతాయి. కాబట్టి ఇవాళ్టి కంపెనీ పుస్తకాల్లో కల్పిత ఆస్తుల వరుస దాదాపు ఖాళీ, వాటి భారం సంచిత నష్టంలోనే కలిసి ఉంటుంది. బి.కామ్ పరీక్షల లెక్కల్లో మాత్రం అవి ఇంకా బతికే ఉన్నాయి. ఆ స్థానంలో నేడు అనుమానంగా చూడవలసింది వాయిదా పన్ను ఆస్తి. అది కల్పితం కాదు గానీ, భవిష్యత్తులో లాభాలు వస్తాయన్న నమ్మకం మీదే నిలుస్తుంది. వరుస నష్టాల కంపెనీలో ఆ నమ్మకానికి ఆధారం అడగాలి.

*విలువ పడిపోయిన ఆస్తులు.* పాతబడిన యంత్రాలు, కదలని సరుకు, రాని బాకీలు. నేటి ప్రమాణాల ప్రకారం ఈ విలువ తగ్గుదల ముందు లాభనష్టాల ఖాతా గుండా వెళ్లాలి, అలా పెరిగిన మొత్తం నష్టాన్నే మూలధనంతో కొట్టివేయాలి. ఫలితం ఒకటే అయినా దారి ముఖ్యం, ఎందుకంటే ఆడిటర్ చూసేది ఆ దారినే.

తగ్గింపు రూపాలు

66వ సెక్షన్ మూడు రకాలను పేర్కొంటుంది. వాటాలపై ఇంకా చెల్లించవలసిన బాధ్యతను తగ్గించడం లేదా రద్దు చేయడం, పోయిన లేదా ఆస్తుల ఆసరా లేని చెల్లింపు మూలధనాన్ని రద్దు చేయడం, అవసరానికి మించిన మూలధనాన్ని తిరిగి ఇచ్చేయడం. అంతర్గత పునర్నిర్మాణానికి పనికివచ్చేది రెండోది. సెక్యూరిటీల ప్రీమియం ఖాతా నుంచి నష్టాన్ని కొట్టివేయాలన్నా ఇదే విధానం పాటించాలి. ప్రీమియం నిల్వ ఉన్న కంపెనీ ముందు దాన్ని వాడుకుని, చాలకపోతేనే వాటా మూలధనం జోలికి వెళ్లడం ఆనవాయితీ.

పుస్తకాల్లో దీన్ని రెండు విధాలుగా రాస్తారు. ముఖవిలువే మారితే, అంటే 10 రూపాయల వాటా 3 రూపాయల వాటా అయితే, పాత మూలధన ఖాతాను మొత్తంగా డెబిట్ చేసి మూసివేసి, కొత్త ముఖవిలువతో మరో ఖాతా తెరుస్తారు. తేడా మూలధన తగ్గింపు ఖాతాకు క్రెడిట్ అవుతుంది. ముఖవిలువను 10గానే ఉంచి చెల్లించిన మొత్తాన్ని మాత్రం తగ్గిస్తే, తగ్గించిన మేరకే డెబిట్ చేస్తే చాలు. ముఖవిలువ, చెల్లింపు రెండూ అలాగే ఉంచి వాటాల సంఖ్యను తగ్గించడం కూడా ఉంది.

ఉదాహరణ: ఒక నూలు మిల్లు

కింది లెక్క ఊహించినది, అంకెలు లక్షల రూపాయల్లో. మిల్లుకు 10 రూపాయల ఈక్విటీ వాటాలు 10 లక్షలు, 100 రూపాయల 8 శాతం సంచిత ఆధిక్యపు వాటాలు 40 వేలు ఉన్నాయి. ఆధిక్యపు వాటాలపై మూడేళ్ల డివిడెండ్, అంటే 9.6 లక్షలు బకాయి పడింది. ప్రకటించని డివిడెండ్ కాబట్టి అది పుస్తకాల్లో అప్పుగా కనిపించదు. దిగువ పట్టికలో నష్టాలను పాత పద్ధతిలో ఆస్తుల వైపే చూపడమైనది.

| వివరం | ముందు | తర్వాత |
|---|---|---|
| ఈక్విటీ మూలధనం | 100 | 33 |
| ఆధిక్యపు వాటా మూలధనం | 40 | 32 |
| మూలధన రిజర్వు | – | 3 |
| డిబెంచర్లు | 30 | 30 |
| సరుకు ఋణదాతలు | 25 | 25 |
| బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ | 15 | 15 |
| మొత్తం | 210 | 138 |
| భూమి, భవనాలు | 50 | 50 |
| యంత్రాలు | 60 | 52 |
| గుడ్‌విల్ | 15 | – |
| సరుకు నిల్వ | 22 | 18 |
| రావలసిన బాకీలు | 20 | 17 |
| నగదు | 1 | 1 |
| ప్రాథమిక ఖర్చులు | 4 | – |
| లాభనష్టాల ఖాతా నష్టం | 38 | – |
| మొత్తం | 210 | 138 |

ప్రణాళిక ఇలా ఉంది. ఈక్విటీ వాటా 10 నుంచి 3 రూపాయలకు తగ్గుతుంది, దానితో 70 లక్షలు దొరుకుతాయి. ఆధిక్యపు వాటా 100 నుంచి 80కి తగ్గి 8 లక్షలు ఇస్తుంది. మూలధన తగ్గింపు ఖాతాలో మొత్తం క్రెడిట్ 78. దాని నుంచి నష్టం 38, ప్రాథమిక ఖర్చులు 4, గుడ్‌విల్ 15, యంత్రాలపై 8, సరుకుపై 4, బాకీలపై 3 కొట్టివేస్తే 72 పోయింది. ఆధిక్యపు వాటాదారులు బకాయి డివిడెండ్‌ను వదులుకున్నందుకు ప్రతిగా రెండు ఆధిక్యపు వాటాలకు ఐదు చొప్పున, 3 రూపాయల ఈక్విటీ వాటాలు లక్ష పొందుతారు. ఆ 3 లక్షలు కూడా ఇదే ఖాతాకు డెబిట్. మిగిలిన 3 లక్షలు మూలధన రిజర్వుకు చేరి, తగ్గింపు ఖాతా మూతపడుతుంది. ఈ మిగులును డివిడెండ్‌గా పంచరు. చివరికి 3 రూపాయల వాటాలు పదింటిని 10 రూపాయల వాటాలు మూడింటిగా ఏకీకరించుకోవచ్చు. అప్పుడు 11 లక్షల వాటాలు 3 లక్షల 30 వేలవుతాయి.

త్యాగం ఎవరెంత

లెక్క సరిపోవడం తేలిక, కష్టమైనది పంపకం. అందులో పోలికకు కొలబద్ద మిల్లును మూసేస్తే ఎవరికి ఎంత దక్కుతుందన్నదే. నడుస్తున్న మిల్లుగా ఆస్తుల విలువ 138, అప్పులు 70, మిగిలేది 68. ఆ లెక్కన ఆధిక్యపు వాటాదారులు తమ 40 పూర్తిగా అడగవచ్చు, ఈక్విటీకి 28 మిగులుతుంది. కానీ వేలంలో యంత్రాలు ఆ ధర పలకవు. అన్నీ కలిపి 100 లక్షలే వచ్చాయనుకుంటే అప్పులు పోగా 30 మిగులుతుంది, అది ఆధిక్యపు వాటాదారులకే చాలదు, ఈక్విటీకి సున్నా. ప్రణాళికలో ఆధిక్యపు వాటాదారులకు 32 లక్షల వాటాలు, 3 లక్షల ఈక్విటీ కలిపి 35 వస్తున్నాయి. పాత ఈక్విటీకి 30. బేరం ఈ రెండు అంచనాల మధ్యనే జరుగుతుంది. ఆధిక్యపు వాటాదారుల వర్గం గట్టిగా బిగిస్తే ఈక్విటీ వాటా 3కి బదులు 2 రూపాయలకు దిగవచ్చు.

డిబెంచర్‌దారులు, ఋణదాతలు ఈ ఉదాహరణలో ఏమీ వదులుకోలేదు. వారూ కొంత మాఫీ చేయాల్సి వస్తే 66వ సెక్షన్ ఒక్కటే చాలదు, 230వ సెక్షన్ కింద వారితో రాజీ ప్రణాళిక కావాలి. ఆధిక్యపు వాటాల హక్కులు మారుతున్నాయి కనుక 48వ సెక్షన్ ప్రకారం ఆ వర్గంలో నాలుగింట మూడు వంతుల సమ్మతి కూడా అవసరం. ఒప్పుకోని వాటాదారులు ఆ వర్గంలో పదో వంతుకు తగ్గకుండా ఉంటే ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు.

చట్టబద్ధ విధానం

బోర్డు ప్రతిపాదన తర్వాత వాటాదారులు ప్రత్యేక తీర్మానం చేయాలి, అంటే పోలైన ఓట్లలో అనుకూలమైనవి వ్యతిరేకమైన వాటికి మూడు రెట్లకు తగ్గకూడదు. డిపాజిట్ల అసలు లేదా వడ్డీ బకాయి ఉన్న కంపెనీ తగ్గింపుకే అర్హం కాదు. దరఖాస్తుతో పాటు, ప్రతిపాదించిన అకౌంటింగ్ పద్ధతి ప్రమాణాలకు అనుగుణంగా ఉందని ఆడిటర్ ధ్రువపత్రం జతచేయాలి. ట్రిబ్యునల్ కేంద్ర ప్రభుత్వానికి, రిజిస్ట్రార్‌కు, స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన కంపెనీ అయితే సెబీకి, అలాగే ఋణదాతలకు నోటీసు ఇస్తుంది. మూడు నెలల్లో అభ్యంతరం రాకపోతే లేనట్టే భావిస్తారు. ప్రతి ఋణదాత అప్పు తీరిందనో, దానికి భద్రత ఉందనో, అతని సమ్మతి దొరికిందనో తృప్తి చెందితే ధ్రువీకరిస్తుంది. ఉత్తర్వు ప్రతిని 30 రోజుల్లో రిజిస్ట్రార్‌కు అందజేయాలి.

నగదు బయటికి పోని ఈ రకం తగ్గింపులో ఋణదాతలకు నోటీసు ఎందుకన్న ప్రశ్న సహజం. 1956 చట్టం కింద ఇలాంటి సందర్భంలో కోర్టు ప్రత్యేకంగా ఆదేశిస్తే తప్ప వారికి అభ్యంతర హక్కు లేదు. కొత్త చట్టం ఆ తేడాను తీసివేసింది. ఈ రచయిత దృష్టిలో అది అనవసర భారమేమీ కాదు. నష్టం తుడిచివేశాక వచ్చే ప్రతి రూపాయి లాభం డివిడెండ్‌గా బయటికి పోగలదు, ఋణదాతకు నిజమైన మార్పు అదే. మూలధనం నిజంగా, శాశ్వతంగా పోయిందా అన్నది అసలు ప్రశ్న. ఇంగ్లండ్‌లో జూపిటర్ హౌస్ ఇన్వెస్ట్‌మెంట్స్ కేసులో (1985) నష్టం శాశ్వతమని తేలనప్పుడు, తర్వాత వసూలయ్యే మొత్తాన్ని పంచని రిజర్వులో ఉంచుతామన్న హామీ మీద కోర్టు తగ్గింపును అంగీకరించింది.

మూతపడే దశకు వచ్చిన కంపెనీలకు వేరే దారులు ఉన్నాయి. 2016 డిసెంబర్‌లో రద్దయిన అనారోగ్య పరిశ్రమల చట్టం కింద బి.ఐ.ఎఫ్.ఆర్. పథకాలలోనే తగ్గింపు ఇమిడి ఉండేది. నేడు దివాలా స్మృతి కింద ఆమోదం పొందిన పరిష్కార ప్రణాళికలో పాత వాటాదారుల మూలధనాన్ని రద్దు చేయవచ్చు, దానికి వారి విడి ఆమోదం అక్కర్లేదు.

ఫలితం, పరిమితులు

మార్పు మొదట కనిపించేది డివిడెండ్‌లో. 123వ సెక్షన్ ప్రకారం పాత నష్టాలను ఈ ఏటి లాభంతో సర్దుబాటు చేయకుండా డివిడెండ్ ప్రకటించరాదు. మిల్లు ఏడాదికి 8 లక్షలు సంపాదించినా 38 లక్షల నష్టం తీరడానికి దాదాపు ఐదేళ్లు పట్టేది. తగ్గింపు తర్వాత మొదటి ఏడాదే ఆధిక్యపు వాటాలకు 2.56 లక్షలు ఇచ్చి, మిగిలిన 5.44 లక్షల నుంచి ఈక్విటీకి కూడా పంచగలదు. కొత్త వాటాలు జారీ చేయాలంటే ఇది ముందు మెట్టు.

నగదు వరుసను మళ్లీ చూడాలి. ముందు 1 లక్ష, తర్వాతా 1 లక్షే. సరుకు, బాకీలు, నగదు కలిపి 36. ఋణదాతలు, ఓవర్‌డ్రాఫ్ట్ కలిపి 40. అంటే పట్టిక శుభ్రపడ్డాక కూడా మిల్లు వచ్చే నెల పత్తి బిల్లు కట్టలేదు. కొత్త వాటాల సొమ్మో, బ్యాంకు నుంచి దీర్ఘకాల అప్పో తోడవకపోతే రెండేళ్లలో మళ్లీ నష్టం పోగవుతుంది. ప్రణాళికలో నిధుల రాక గురించి మాట లేకుండా కేవలం కొట్టివేతే ఉంటే, వాటాదారు అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే.

రెండో జాగ్రత్త లాభాల రేటు విషయంలో. యంత్రాల విలువ 60 నుంచి 52కి తగ్గడంతో 10 శాతం తరుగుదల 6 నుంచి 5.2 లక్షలకు దిగుతుంది, లాభం ఆ మేరకు పెరిగినట్టు కనిపిస్తుంది. ఈక్విటీ 100 నుంచి 33కి తగ్గినందున అదే లాభం మీద ప్రతిఫల శాతం మూడు రెట్లవుతుంది. నూలు ఒక్క కోన్ కూడా అదనంగా తయారుకాలేదు. ముందు ఏళ్లతో పోల్చే విశ్లేషకుడు పాత మూలధనాన్ని కూడా పక్కనే ఉంచుకుని చూడాలి.

మూడోది భూముల పునర్మూల్యాంకనం. పాత లెక్కల్లో భూమి విలువ పెంచి ఆ పెరుగుదలను మూలధన తగ్గింపు ఖాతాకు క్రెడిట్ చేసి నష్టం తీర్చడం మామూలు. నేటి ప్రమాణాలలో ఆ పెరుగుదల పునర్మూల్యాంకన మిగులుగా విడిగా నిలవాలి. అమ్మని భూమి మీద ఊహా లాభంతో జరిగిన నష్టాన్ని తుడిచే ప్రణాళికకు ఆడిటర్ ధ్రువపత్రం దొరకడం కష్టం. పై ఉదాహరణలో భూమిని 50 దగ్గరే వదిలిపెట్టడానికి కారణం అదే.

పన్ను అంశాలు

కంపెనీకి తగ్గింపు వల్ల పన్ను పడదు, మునుపు చెప్పినట్టు ముందుకు తెచ్చుకున్న వ్యాపార నష్టం మిగిలే ఉంటుంది. చిక్కు కనీస ప్రత్యామ్నాయ పన్ను దగ్గర వస్తుంది. ఆ పన్ను పుస్తక లాభం మీద లెక్కిస్తారు, పుస్తకాల్లోని పాత నష్టం లేదా తరుగుదలలో ఏది తక్కువైతే అది అందులోంచి తీసివేయవచ్చు. పుస్తకాల్లో నష్టమే లేకుండా చేసుకున్న కంపెనీ ఆ మినహాయింపును ఇంకా కోరగలదా అన్నది వివాదానికి తావిచ్చే విషయం. అందుకే తగ్గింపు తేదీని నిర్ణయించే ముందు ఈ లెక్క వేసుకుంటారు.

వాటాదారు వైపు, వాటా విలువ తగ్గడం పన్ను చట్టం అర్థంలో బదిలీయేనా అన్న ప్రశ్నకు సుప్రీంకోర్టు 1997లో కార్తికేయ వి. సారాభాయి కేసులో అవునని చెప్పింది. అక్కడ ఆధిక్యపు వాటాల ముఖవిలువ తగ్గింది, హక్కులో కొంత నశించడమే బదిలీ అని తీర్పు. 2025 జనవరిలో జూపిటర్ క్యాపిటల్ కేసులో అదే సూత్రాన్ని కోర్టు మరోసారి అన్వయించింది. నష్టాల్లో ఉన్న ఒక వార్తా సంస్థ ముఖవిలువను 10 రూపాయలుగానే ఉంచి వాటాల సంఖ్యను 15 కోట్లకు పైనుంచి 10 వేలకు తగ్గించింది. అందులో వాటాదారుకున్న శాతం మారలేదు కనుక నష్టమే లేదన్న ఆదాయపు పన్ను శాఖ వాదన నిలవలేదు, మూలధన నష్టం కోరే హక్కు వాటాదారుకు దక్కింది.